‘ఎంటీహెచ్ఎఫ్ఆర్ పాజిటివ్’ అని రిపోర్టు వచ్చిన ఒక కేసు: ఫోలిక్ యాసిడ్ చాలా, మిథైల్ ఫోలేటే కావాలా?

ఆ అమ్మాయికి 26 ఏళ్లు. పెళ్లయి మూడేళ్లు. తొలి గర్భం ఎనిమిదో వారంలో నిలవకుండా పోయింది. మళ్లీ ప్రయత్నించే ముందు ఒకసారి చూపించుకుందామని భర్తతో, అత్తగారితో కలిసి మా ఓపీకి వచ్చింది. గుర్తుపట్టే వివరాలు మార్చి, ఆమె ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను.

చేతిలో లావుపాటి ఫైలు ఉంది. అబార్షన్ తర్వాత వేరేచోట చేయించిన పరీక్షలన్నీ అందులో ఉన్నాయి. ఒక పేజీలో పసుపు హైలైటర్‌తో గీత గీసి ఉంది: ‘ఎంటీహెచ్ఎఫ్ఆర్ సీ677టీ, హెటెరోజైగస్ మ్యూటేషన్ డిటెక్టెడ్’. తర్వాతి పేజీలో రక్తంలో ఉండే హోమోసిస్టీన్ అనే అమైనో ఆమ్లం 22. సాధారణంగా ఇది 15 మైక్రోమోల్స్ లోపు ఉండాలి. ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి వాళ్లకు చెప్పిన మాట ఇది: జన్యులోపం ఉంది, మామూలు ఫోలిక్ యాసిడ్ ఈ ఒంటికి పట్టదు, పట్టకపోగా పేరుకుపోయి హాని చేస్తుంది, కాబట్టి జీవితాంతం అదే విటమిన్‌కు మరో రూపమైన మిథైల్ ఫోలేటే వాడాలి, ఈసారి నెల తప్పితే కాన్పు దాకా రోజూ పొట్టకు రక్తం పలచబడే ఇంజెక్షన్ వేసుకోవాలి.

దాంతో అప్పటిదాకా వేసుకుంటున్న 5 మి.గ్రా. ఫోలిక్ యాసిడ్ మానేసింది. డల్లాస్‌లో ఉంటున్న ఆడపడుచు 1 మి.గ్రా. మిథైల్ ఫోలేట్ సీసాలు పంపింది. మూడు నెలలుగా అవే వాడుతోంది. ఒక సీసా కూడా తెచ్చింది. లేబుల్ తిప్పి చూశాను. ఫోలేట్ తప్ప అందులో మరో విటమిన్ లేదు.

నేను ఇంకా ఫైలు పూర్తిగా చూడకముందే అత్తగారు అడిగారు: “ఈ జీన్ లోపం పుట్టబోయే పిల్లలకు కూడా వస్తుందా డాక్టర్ గారూ? మావాడికైతే ఏమీ లేదు.”

ఆ అబ్బాయికి పరీక్షే చేయలేదు. అమ్మాయి తల దించుకుని కూర్చుంది. మూడు నెలలుగా ఆ ఇంట్లో ఏం నడుస్తోందో ఆ ఒక్క ప్రశ్నతో అర్థమైంది. అందుకే మందుల సంగతి తర్వాత చూద్దామని ముందు ఆ పసుపు గీత గురించే మాట్లాడాను.

ఎంటీహెచ్ఎఫ్ఆర్ అనేది ఒక ఎంజైమ్. దాన్ని తయారుచేసే జన్యువు మనందరికీ రెండు ప్రతులుంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఆ జన్యువులో 677వ స్థానంలో సాధారణంగా ఉండే ‘సీ’ అక్షరం బదులు కొందరిలో ‘టీ’ ఉంటుంది. ఒక ప్రతిలో మాత్రమే అలా ఉంటే సీటీ, రెండింటిలోనూ ఉంటే టీటీ. సీటీ ఉన్నవాళ్లలో ఎంజైమ్ సుమారు 65 శాతం బలంతో పనిచేస్తుంది, టీటీ ఉన్నవాళ్లలో సుమారు 30 శాతం బలంతో. వినడానికి భయంగానే ఉంటుంది. కానీ ఎంజైమ్‌లను శరీరం అవసరానికి మించి తయారుచేసుకుంటుంది కాబట్టి పరీక్షనాళికలో కనపడే ఈ తగ్గుదల రక్తంలో అంత కనపడదు. ఒకే మోతాదు ఫోలిక్ యాసిడ్ వేసుకున్నప్పుడు టీటీ ఉన్నవారి రక్తంలో ఫోలేట్, సీసీ ఉన్నవారికంటే సగటున 16 శాతం మాత్రమే తక్కువగా ఉంటుంది. మోతాదు తగినంతగా వేసుకుంటే వాళ్లూ కావలసిన స్థాయికి చేరతారు. ఇక ఈ అమ్మాయిది టీటీ కాదు, సీటీ. ఇది ప్రపంచమంతా కోట్లమందిలో ఉండే మామూలు తేడా. రిపోర్టులో ‘మ్యూటేషన్’ అని వేయడం వల్ల అదొక జబ్బులాగా వినపడుతుంది, అంతే.

“మీవాడికి చేయిస్తే అతనికీ ఉండొచ్చు, మీకూ ఉండొచ్చు, నాకూ ఉండొచ్చమ్మా. ఎవరికీ చేయించక్కర్లేదు, దాన్నిబట్టి మనం మార్చేది ఏమీ లేదు కాబట్టి” అన్నాను. పెద్దామె కాసేపు ఆలోచించి, “మరి ఆ 22 ఎందుకు వచ్చినట్టు?” అని అడిగారు. ఆ రోజు ఆ గదిలో వేసిన అన్ని ప్రశ్నల్లోకీ సరైన ప్రశ్న అదే.

చేతివేళ్ల కణుపులు

అమ్మాయిని పరీక్ష చేసేటప్పుడు మొదట నా కళ్లు పడింది చేతివేళ్ల మీద. వేళ్ల కణుపులు మిగతా చర్మంకంటే బాగా నల్లగా ఉన్నాయి. గిన్నెలు తోమడం వల్ల అనుకుంటున్నానంది. నాలుక నున్నగా, ఎర్రగా ఉంది. ఇడ్లీలోకి కారప్పొడి వేసుకుంటే నాలుక మండుతోందని మానేసిందట. పాదాల్లో తిమ్మిర్లు ఉన్నాయా అని అడిగితే, రాత్రిపూట చీమలు పాకినట్టు ఉంటుందని, అదీ జీన్ వల్లేనేమో అనుకున్నానని చెప్పింది.

తర్వాత తిండి గురించి అడిగాను. పుట్టినిల్లు, మెట్టినిల్లు రెండూ శాకాహారమే, గుడ్డు కూడా ముట్టరు. ఉదయం ఇడ్లీ లేదా ఉప్మా, మధ్యాహ్నం పప్పు, కూర, చారు, రాత్రి చపాతీ. పాలకూర పప్పు, తోటకూర, గోంగూర వారంలో నాలుగైదు రోజులు ఉంటాయి. పాలంటే వాంతి వస్తుంది కాబట్టి తాగదు, కాఫీలో పడేవే పాలు. పెరుగు ఒక చెంచా. ఆకుకూరలు, పప్పులు ఇంతగా తినే మనిషికి ఫోలేట్ లోటు ఉండడం కష్టం. కానీ ఈ భోజనంలో బీ12 ఎక్కడుంది? బీ12 మొక్కల్లో ఉండదు. మాంసం, చేప, గుడ్డు, పాలల్లోనే దొరుకుతుంది. పాలు కూడా తాగని శాకాహారికి అది వచ్చే దారి దాదాపు మూసుకుపోయినట్టే. కణుపుల నలుపు, నున్నటి నాలుక, తిమ్మిర్లు, మూడూ ఆ లోటుకు గుర్తులే.

మళ్లీ పరీక్షలు చేయించాను. హిమోగ్లోబిన్ 10.4. ఎర్రకణాల సైజు మాత్రం మామూలుగానే ఉంది, 88. బీ12 తక్కువైతే కణాలు పెద్దవవుతాయి, ఐరన్ తక్కువైతే చిన్నవవుతాయి. రెండూ తక్కువైతే ఒకదాన్నొకటి కప్పేసి సగటు నార్మల్ చూపిస్తుంది. అందుకే సైజు మామూలుగా ఉంది కదా అని బీ12ను వదిలేయకూడదు. బ్లడ్ స్మియర్‌లో న్యూట్రోఫిల్ అనే తెల్లకణాల్లో కొన్నిటి కేంద్రకాలు ఆరేడు ముక్కలుగా చీలి కనిపించాయి, అది బీ12 గానీ ఫోలేట్ గానీ తక్కువైనప్పటి గుర్తు. ఫెరిటిన్ 9, అంటే ఐరన్ నిల్వలు అడుగంటాయి. బీ12 132 పికోగ్రాములు, 200 లోపు ఉంటే లోటు కిందే లెక్క. సీరం ఫోలేట్ మాత్రం మెషిన్ కొలవగలిగే పై హద్దు దాటింది. హోమోసిస్టీన్ 24.

ఈ చివరి రెండు అంకెలూ కలిపి చదవాలి. మూడు నెలలు ‘యాక్టివ్ ఫార్మ్’ అని లేబుల్ మీద రాసిన మిథైల్ ఫోలేట్ వేసుకుంది. రక్తంలో ఫోలేట్ నిండుగా ఉంది. అయినా 22 ఉన్న హోమోసిస్టీన్ తగ్గలేదు సరికదా, 24 అయింది. లోపం ఎంటీహెచ్ఎఫ్ఆర్‌దే అయితే, ఆ ఎంజైమ్ తయారుచేయాల్సిన పదార్థాన్నే నేరుగా నోట్లో వేసుకుంది కాబట్టి అంకె దిగి ఉండాలి. దిగలేదంటే అడ్డు మరెక్కడో ఉందన్నమాట.

ఫోలేట్ లోపలికి వెళ్లాక ఏం జరుగుతుంది

“ఎంటీహెచ్ఎఫ్ఆర్ తేడా ఉన్నవాళ్ల ఒంట్లో ఫోలిక్ యాసిడ్ మారదు” అన్న ప్రచారం తప్పని తెలియాలంటే ఈ దారి ఒకసారి చూడాలి.

మాత్రలో ఉండే ఫోలిక్ యాసిడ్‌ను ముందుగా అందుకునేది ఎంటీహెచ్ఎఫ్ఆర్ కాదు. డీహెచ్ఎఫ్ఆర్ అనే వేరే ఎంజైమ్ దాన్ని టెట్రాహైడ్రోఫోలేట్‌గా మారుస్తుంది. అది ఇంకో మెట్టు దాటి మిథిలీన్ రూపంలోకి వస్తుంది. ఇక్కడ దారి రెండుగా చీలుతుంది. ఒక దారి డీఎన్ఏ తయారీకి వెళుతుంది. కొత్త కణాలు పుట్టాలన్నా, రక్తం పట్టాలన్నా, గర్భంలో బిడ్డకు మెదడు, వెన్నుపాముగా మారే నాడీనాళం మూసుకోవాలన్నా ఈ దారి తెరిచి ఉండాలి. రెండో దారిలో ఎంటీహెచ్ఎఫ్ఆర్ ఉంటుంది. అది మిథిలీన్ రూపాన్ని మిథైల్ ఫోలేట్‌గా మారుస్తుంది. ఆ మిథైల్ ఫోలేట్ తన మిథైల్‌ను హోమోసిస్టీన్‌కు ఇచ్చి దాన్ని మిథియోనిన్‌గా మార్చి, తాను మళ్లీ టెట్రాహైడ్రోఫోలేట్ అయి మొదటికి వస్తుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం జరగాలంటే బీ12 ఉండి తీరాలి.

సికింద్రాబాద్ నుంచి కాజీపేట చేరిన బండి ఇటు విజయవాడ వైపైనా వెళ్లగలదు, అటు బల్లార్షా వైపైనా వెళ్లగలదు. ఫోలిక్ యాసిడ్ అలా జంక్షన్‌కు చేరుతుంది. మిథైల్ ఫోలేట్ అప్పటికే జంక్షన్ దాటి విజయవాడలో ఆగి ఉన్న బండి. అది డీఎన్ఏ వైపు వెళ్లాలంటే వెనక్కి కాజీపేట రావాలి, వెనక్కి లాగే ఇంజన్ బీ12. మిథైల్ ఫోలేట్‌ను వెనక్కి మార్చే మరో మార్గం శరీరానికి లేదు, ఎంటీహెచ్ఎఫ్ఆర్ చేసిన మార్పు ఒకవైపే నడుస్తుంది. బీ12 లేకపోతే ఫోలేట్ అంతా మిథైల్ రూపంలో ఇరుక్కుపోతుంది. వైద్యంలో దీన్ని ‘మిథైల్ ట్రాప్’ అంటారు.

ఈ అమ్మాయి ఒంట్లో జరిగింది సరిగ్గా అదే. బీ12 లేదు కాబట్టి రక్తంలో ఫోలేట్ పేరుకుంది, హోమోసిస్టీన్ అలాగే ఉండిపోయింది, కణాలకు కావలసిన ఫోలేట్ అందలేదు. సీసా మీద ‘యాక్టివ్’ అని రాసి ఉన్న మందు, ఆమె ఉన్న పరిస్థితిలో, తన పని తాను చేయలేని మందు.

అయితే ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇచ్చినా సరిపోదు, అది మరో రకంగా మోసం చేస్తుంది. అది డీఎన్ఏ దారికి బీ12 లేకుండానే చేరుతుంది కాబట్టి రక్తం కొంత మెరుగుపడుతుంది, నరాలు దెబ్బతినడం మాత్రం ఆగదు. ఈ సంగతి 1940ల చివరి నుంచే తెలుసు. ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లే అనే అమెరికా మందుల కంపెనీ బృందానికి నాయకుడు మన భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. 1945లో ఆ తయారీ వివరాలు బయటికి రాగానే దాన్ని రకరకాల రక్తహీనతల్లో వాడి చూశారు. పేగులు పోషకాలను పీల్చుకోలేని స్ప్రూ రోగులు, గర్భిణులు ఆశ్చర్యంగా కోలుకున్నారు. బీ12 లోటు వల్ల వచ్చే పెర్నీషియస్ అనీమియాలో మాత్రం రక్తం పెరిగినా కొందరికి తిమ్మిర్లు ముదిరి నడక తప్పింది. అప్పటి నుంచి వైద్య విద్యార్థులకు నేర్పేది ఒకటే: పెద్ద మోతాదు ఫోలేట్ ఇచ్చేముందు బీ12 సంగతి చూడాలి. శాకాహారులు ఇంతమంది ఉన్న మన దగ్గర, పెళ్లయిన ప్రతి అమ్మాయికీ బీ12 చూడకుండా 5 మి.గ్రా. మాత్ర రాసే అలవాటు నాకు నచ్చకపోవడానికి కారణం ఇదే. పుణెలో తల్లులను, పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో, గర్భంలో బీ12 తక్కువగా, ఫోలేట్ ఎక్కువగా ఉన్న తల్లుల పిల్లల్లో ఆరేళ్ల వయసుకు ఇన్సులిన్ నిరోధకత ఎక్కువగా కనిపించింది. ఇది సంబంధమే తప్ప కారణమని తేలింది కాదు, అయినా మనం పట్టించుకోవాల్సిన హెచ్చరిక.

చేసిన చికిత్స

మిథైల్ ఫోలేట్ ఆపించాను. విషమని కాదు, ఆ సమయంలో ఆమెకు దానితో పనిలేదని. బీ12 ఇంజెక్షన్ 1000 మైక్రోగ్రాములు వారం పాటు రోజూ, తర్వాత నాలుగు వారాలు వారానికొకటి, ఆపైన నెలకొకటి. తిమ్మిర్లు ఉన్నవాళ్లకు మాత్రల కోసం ఎదురుచూడకుండా ఇంజెక్షన్‌తోనే మొదలుపెడతాను.

వారం గడిచాక, అంటే బీ12 లోపలికి చేరాక, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చే ఎర్ర మాత్ర రోజుకు రెండు చొప్పున ఇచ్చాను. ఒక్కో దానిలో 60 మి.గ్రా. ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. కాఫీకి కనీసం గంట ఎడంగా వేసుకోమన్నాను, లేకపోతే ఐరన్ పట్టదు. “అదేంటి డాక్టర్ గారూ, ఫోలిక్ యాసిడ్ నాకు పడదన్నారుగా?” అని అమ్మాయి కంగారుగా అడిగింది. ఆ ప్రశ్నకు ఉత్తరాది చైనా సమాధానం చెబుతుంది.

1993 నుంచి 1995 వరకు చైనాలో, పెళ్లికి ముందు పరీక్షలకు వచ్చిన అమ్మాయిలకు రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇచ్చి, పుట్టిన బిడ్డలను గమనించారు. మొత్తం రెండు లక్షల నలభై వేల మందికి పైగా మహిళలు. బిడ్డ వెన్నుపాము, మెదడు సరిగా మూసుకోకుండా పుట్టే లోపాలు ఉత్తరాన హెబే ప్రాంతంలో మాత్ర వేసుకోనివారిలో వెయ్యికి 4.8 ఉంటే, గర్భానికి ముందు నుంచీ వేసుకున్నవారిలో వెయ్యికి 1కి పడిపోయాయి. ఇప్పుడు అసలు సంగతి: 677 టీ ప్రతి ప్రపంచంలోకెల్లా ఎక్కువగా కనిపించే జనాభాల్లో ఉత్తర చైనా ఒకటి. అంటే ప్రచారం ప్రకారం ఫోలిక్ యాసిడ్ ఎవరికి పనిచేయకూడదో, వాళ్లలోనే మామూలు ఫోలిక్ యాసిడ్, అదీ చిన్న మోతాదులో, ఇంత గొప్పగా పనిచేసింది. ఎవరికీ జన్యు పరీక్ష చేయలేదు, ఎవరి మాత్రా మార్చలేదు.

అంతకుముందు 1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ఏడు దేశాల్లో చేసిన ట్రయల్‌లో, ముందొకసారి అలాంటి లోపంతో బిడ్డ కలిగిన తల్లులకు 4 మి.గ్రా. ఫోలిక్ యాసిడ్ ఇస్తే అది మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. మిథైల్ ఫోలేట్‌తో బిడ్డల్లో ఈ లోపాలు తగ్గాయని చూపించిన ట్రయల్ ఒక్కటీ లేదు. మిథైల్ ఫోలేట్ రక్తంలో ఫోలేట్‌ను పెంచదని కాదు, పెంచుతుంది. దాదాపు సమాన మోతాదుల్లో ఇచ్చి పోల్చినప్పుడు ఎర్రకణాల ఫోలేట్‌ను ఫోలిక్ యాసిడ్ కంటే కొంచెం ఎక్కువే పెంచినట్టు కూడా వచ్చింది. కానీ రక్తంలో అంకె వేరు, బిడ్డ వెన్ను సరిగా మూసుకోవడం వేరు. రెండోది రుజువైంది ఫోలిక్ యాసిడ్‌కే. చేతిలో రుజువున్న మందును మాన్పించి రుజువులేని మందు ఇవ్వడానికి గట్టి కారణం కావాలి. ఈ అమ్మాయి విషయంలో ఆ కారణం లేదు.

ఎనిమిది వారాలకు మళ్లీ చూస్తే హోమోసిస్టీన్ 9. ఫోలేట్ ముందూ నిండుగానే ఉంది, తర్వాతా నిండుగానే ఉంది, మధ్యలో హోమోసిస్టీన్‌ను దించేవాటిలో కొత్తగా వచ్చి చేరింది బీ12 ఒక్కటే. జన్యువు ఎలా ఉన్నది అలాగే ఉంది. నాలుక మంట మొదటి నెలలోనే పోయింది. తిమ్మిర్లు నెమ్మదిగా, రెండు నెలలు దాటాక తగ్గాయి. కణుపుల నలుపు తేలికపడడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. మూడు నెలలకు హిమోగ్లోబిన్ 12 దాటింది, ఎర్ర మాత్ర రోజుకు ఒకటికి తగ్గించాను.

రక్తం పలచబడే ఇంజెక్షన్ల గురించి కూడా మాట్లాడుకోవాల్సి వచ్చింది. ఎనిమిదో వారంలో ఒక్కసారి అబార్షన్ కావడం చాలా సాధారణం, అలాంటివాటిలో సగానికి పైగా పిండంలోని క్రోమోజోముల పొరపాట్ల వల్ల జరుగుతాయి. అబార్షన్‌కు కారణం వెతకడానికి గానీ, రక్తం గడ్డకట్టే ముప్పు తేల్చడానికి గానీ ఎంటీహెచ్ఎఫ్ఆర్ పరీక్ష చేయించవద్దని అమెరికా ప్రసూతి వైద్యుల కాలేజీ, అక్కడి జన్యువైద్యుల కాలేజీ రెండూ స్పష్టంగా చెప్పాయి. అయినా అబార్షన్ తర్వాత చేయించే ప్యానెల్స్‌లో అది వస్తూనే ఉంది. రక్తం గడ్డకట్టేలా చేసే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు ఉండి, గర్భాలు పోతూ ఉన్నవాళ్లకు ఆ ఇంజెక్షన్లు అవసరం. ఈమెకు కాదు.

ఆడపడుచు ఫోను

మధ్యలో డల్లాస్ నుంచి ఆడపడుచు ఫోను చేసింది. మంచి మనసుతోనే సీసాలు పంపింది, తను కూడా అవే వాడుతోంది. తనకు ఉమ్మి శాంపిల్ పంపి చేయించుకున్న జన్యు పరీక్షలో ఎంటీహెచ్ఎఫ్ఆర్ తేడా వచ్చిందట. అక్కడ ఆ ప్రచారం ఎలా నడుస్తుందో తను చెప్పిన దాంట్లో బాగా తెలిసింది. ఆ జన్యువులో 677, 1298 అని రెండు స్థానాలుంటాయి. ఏదో ఒక చోట, ఏదో ఒక ప్రతిలో తేడా ఉన్న ప్రతివారినీ లెక్కేస్తే జనంలో సగానికి పైగా ‘లోపం’ ఉన్నవాళ్లే అవుతారు. అలసట, ఆందోళన, నిద్ర పట్టకపోవడం, జుట్టు రాలడం, అన్నీ దానికే అంటగడతారు. సగం మందికి ఉండే తేడా, అందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఉండే బాధలు, ఈ రెండూ కలిపితే దొరకని మనిషి ఉండడు. పక్కనే కొనమని సీసా ఉంటుంది.

తను అడిగిన ఇంకో ప్రశ్న నిజమైన ప్రశ్నే: “ఫోలిక్ యాసిడ్ మారకుండా రక్తంలో ఉండిపోతుందంటున్నారు కదండీ?” అవును, ఒకేసారి 200 మైక్రోగ్రాములు మించితే కొంత మారని ఫోలిక్ యాసిడ్ రక్తంలో కనపడుతుంది, ఎందుకంటే మనిషి కాలేయంలో డీహెచ్ఎఫ్ఆర్ మెల్లగా పనిచేస్తుంది. అది ఎంటీహెచ్ఎఫ్ఆర్ తేడాతో సంబంధం లేకుండా అందరిలోనూ జరిగేదే. దానివల్ల హాని జరిగినట్టు ఇంతవరకు తేలలేదు. అవసరం లేని పెద్ద మోతాదులు వద్దనడానికి అది ఒక కారణం కావచ్చు, 400 మైక్రోగ్రాములు మానడానికి కాదు. అమెరికాలో 1998 నుంచి గోధుమపిండి వంటి వాటిలో ఫోలిక్ యాసిడ్ కలపడం తప్పనిసరి, ఆ తర్వాత అక్కడ వెన్ను లోపాలతో పుట్టే పిల్లలు తగ్గారు. మన దగ్గరి ఫోర్టిఫైడ్ బియ్యంలోనూ కిలోకు 75 నుంచి 125 మైక్రోగ్రాములు ఉంటుంది. రోజూ 300 గ్రాముల బియ్యం వండుకుంటే లోపలికి వెళ్లేది మహా అయితే 40 మైక్రోగ్రాముల లోపే. దానికి భయపడక్కర్లేదు, గర్భానికి అదే చాలనీ అనుకోకూడదు.

తనకు పిల్లలు కావాలనుకుంటున్న ఆలోచన ఉందా అని అడిగాను. ఉందంది. మిథైల్ ఫోలేట్ ఇష్టమైతే వాడుకోండి, కానీ దానితో పాటు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉన్న మామూలు ప్రినేటల్ మాత్ర వేసుకోండి, బీ12 చూపించుకోండి అని చెప్పాను.

ఎవరికి ఏది, ఎంత

పిల్లల కోసం ప్రయత్నించే చాలామందికి కావలసింది రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. నాడీనాళం గర్భం మొదలైన 28 రోజుల్లో మూసుకుపోతుంది. అంటే నెల తప్పిందని తెలిసి, టెస్ట్ చేసుకుని, అపాయింట్‌మెంట్ తీసుకుని వచ్చేసరికి ఆ పని దాదాపు అయిపోయి ఉంటుంది. అందుకే కనీసం నెల ముందు మొదలుపెట్టాలి. రెండు మూడు నెలల ముందైతే ఇంకా మంచిది, ఎందుకంటే ఎర్రకణం 120 రోజులు బతుకుతుంది, కొత్తగా పుట్టే కణాలు నింపుకునే ఫోలేటే నిల్వగా మారుతుంది. మొదటి మూడు నెలలూ వేసుకుని, ఆ తర్వాత ఎర్ర మాత్రకు మారితే అందులోనే ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. మన మందుల షాపుల్లో చేతికి ముందు అందేది 5 మి.గ్రా. మాత్ర, చిన్న మోతాదు కావాలని అడిగి తీసుకోవాలి.

4 నుంచి 5 మి.గ్రా. అవసరమయ్యేవాళ్లు వేరే ఉన్నారు: ముందొక బిడ్డకు గానీ, తల్లిదండ్రుల్లో ఎవరికైనా గానీ వెన్ను లోపం ఉన్నవాళ్లు, మూర్ఛకు వాల్‌ప్రోయేట్ లాంటి మందులు వాడేవాళ్లు, గర్భానికి ముందే షుగరున్నవాళ్లలో కొందరు. ఇది డాక్టర్ రాసి ఇవ్వాల్సిన మోతాదు. ఎంటీహెచ్ఎఫ్ఆర్ సీటీ గానీ, టీటీ గానీ ఈ జాబితాలో లేదు.

మిథైల్ ఫోలేట్‌కూ చోటుంది, కాకపోతే చిన్నది. ఎంటీహెచ్ఎఫ్ఆర్ ఎంజైమ్ దాదాపు పూర్తిగా లేకుండా పుట్టే అరుదైన పిల్లలుంటారు. వాళ్లలో హోమోసిస్టీన్ వందల్లోకి వెళుతుంది, పసితనంలోనే తీవ్రంగా జబ్బు పడతారు. ఆ జబ్బుకు చికిత్స జన్యువైద్య నిపుణుల చేతిలో జరుగుతుంది. మన ల్యాబ్ రిపోర్టుల్లో కనిపించే 677 తేడా అది కాదు, పేరు ఒకటే కావడం వల్ల గందరగోళం. డిప్రెషన్ మందులు సరిగా పనిచేయనివారిలో కొందరికి సైకియాట్రిస్టులు 15 మి.గ్రా. మిథైల్ ఫోలేట్ తోడుగా ఇస్తారు. ఇక కొందరు ఫోలిక్ యాసిడ్ వేసుకోమంటే ససేమిరా అంటారు. వాళ్లకు ఏమీ లేకుండా వదిలేయడం కంటే మిథైల్ ఫోలేట్ ఇవ్వడం మేలు, రుజువులో తేడా ఉందని చెప్పి ఇస్తాను.

ఆ అమ్మాయి చికిత్స మొదలైన ఆరో నెలలో నెల తప్పింది. పన్నెండో వారం స్కాన్, తర్వాత టిఫా స్కాన్ రెండూ బాగున్నాయి. వెన్ను సరిగా మూసుకోవడం ఫోలిక్ యాసిడ్ గొప్పతనమని ఈ ఒక్క గర్భాన్ని చూపి అనను, ఎక్కువమంది బిడ్డలు ఏ మాత్రా లేకపోయినా బాగానే పుడతారు. ఆ రుజువు వేలమంది మీద చేసిన ట్రయల్స్‌లో ఉంది. హోమోసిస్టీన్ ఎందుకు పెరిగింది, ఎలా దిగింది అన్నది మాత్రం ఈ కేసు నిక్కచ్చిగా చూపిస్తుంది.

నెలలు నిండి మామూలు కాన్పు అయింది. గర్భంలోనూ బీ12 ఇంజెక్షన్ నెలనెలా ఇచ్చాం. బిడ్డకు పాలిచ్చినన్నాళ్లూ కొనసాగించమని రాశాను, ఎందుకంటే తల్లికి బీ12 లేకపోతే పాలల్లోనూ ఉండదు. అలాంటి పాలు మాత్రమే తాగే పసివాళ్లు నాలుగైదు నెలల తర్వాత మందకొడిగా అయి, మెడ నిలపడం లాంటి వచ్చిన పనులు కూడా మరిచిపోతారు. పిల్లవాడికి ఆరు నెలలు నిండాక అమ్మాయి ఇంజెక్షన్ బదులు రోజుకు 1000 మైక్రోగ్రాముల బీ12 మాత్రకు మారింది. శాకాహారం మానే ఉద్దేశం లేదు కాబట్టి ఈ మాత్ర ఆపకూడదని ఫైలు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాసిచ్చాను.